నేను మినిట్స్‌లో రాయని మాట

కొవిడ్ వచ్చిన ఆ వసంతం నాకిప్పటికీ వరసలో గుర్తు రాదు. ముందు జరిగింది వెనక్కీ, వెనక జరిగింది ముందుకీ కలగాపులగంగా వస్తుంది. ఐర్లాండులో, డబ్లిన్‌కి కాస్త దూరాన నేవన్ ఊళ్లో, మా ఇళ్ల ఎస్టేట్ రోడ్డు మీద ఒక్క కారు కదిలేది కాదు. రెండు వైపులా చెర్రీ చెట్లు పూశాయి, రాలాయి, ఆ రేకులు ఎవరి కాలి కిందా పడకుండానే ఎండిపోయాయి. రాత్రి తొమ్మిదైనా వెలుతురు వెళ్లేది కాదు, వంటింటి గోడ మీదే కూర్చుని ఉండేది. ఆ గోడ పక్కన బల్ల వేసుకుని నేను మా సంఘం సమావేశాల మినిట్స్ రాసేదాన్ని. లోకమంతా ఊపిరి బిగబట్టుకుని ఉంటే, నేను "అజెండా, మూడో అంశం" అని టైపు చేసుకుంటున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ముందు నవ్వొస్తుంది. కాసేపటికి ఆ నవ్వు పోతుంది.

మాది ఇక్కడి తెలుగువాళ్ల సంఘం. నలుగురు కలిసి పులిహోర తినే సంఘం కాదండోయ్, చట్టప్రకారం రిజిస్టరైన లాభాపేక్ష లేని సంఘం. నియమావళి ఉంది, తొమ్మిదిమంది కార్యవర్గం ఉంది, అయిదుగురు లేకపోతే కోరం లేదు. నేను కార్యదర్శిని. ఎవరు వచ్చారు, ఎవరు సెలవు చెప్పారు, ఏ తీర్మానాన్ని ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, అన్నీ రాసి అందరికీ పంపాలి. తర్వాతి సమావేశంలో మొదట దాన్నే ఆమోదిస్తారు, అధ్యక్షుడు సంతకం పెడతారు. సంతకం పడ్డాక అక్షరం మార్చకూడదు. నాకు నోరెక్కువని మా ఆయన అంటూ ఉంటాడు. నిజమే. కానీ రాతలో మాత్రం పొల్లు మాట ఉండదని అధ్యక్షులుగారు నలుగురి ముందూ మెచ్చుకునేవారు. ఆ మెప్పు అంటే నాకు చచ్చేంత ఇష్టం. ఈ కథలో సగం పాపం దానిదే.

మిగతా సగం అక్క మీది ప్రేమది. అక్క అంటే తోడబుట్టింది కాదు. భీమవరం వైపు మనిషి, డబ్లిన్‌లో ఒక ఆస్పత్రిలో నర్సు, మా కార్యవర్గంలో వంటల బాధ్యురాలు. ఆదివారం చర్చి మానదు, ఉగాది పచ్చడి పాళ్లు మాత్రం ఇంకొకళ్ల చేతికివ్వదు. ఫిబ్రవరిలో కమ్యూనిటీ హాల్లో మేమంతా ఎదురెదురుగా కూర్చుని చేసిన ఆఖరి సమావేశంలో ఆవిడ బడ్జెట్ కాగితం లాక్కుని, "మైకు సెట్టుకి ఇంతా? పిల్లలకి పెట్టే బొబ్బట్లకి ఇంతేనా? తిరగెయ్యండి ఈ రెండూ!" అంది. కోశాధికారి తిరగేసేదాకా వదల్లేదు. ఆ రోజు వాలంటీర్ల పనులు కూడా పంచాం. హాలు తలుపులు తెరిచేదెవరు, కుర్చీలు వేసేదెవరు, వేడి అన్నం చల్లారకుండా చూసేదెవరు, చివర్లో నేల తుడిచేదెవరు. అందరి పేర్లూ చక్కగా రాశాను. ఆ ఉగాది జరగలేదు.

మార్చి మధ్యలో బళ్లు మూసేశారు. తర్వాత అన్నీ మూసేశారు. మా సమావేశాలు రెండు వారాలకొకసారి, శనివారం సాయంత్రం ఆరింటికి, కంప్యూటర్ తెర మీదకి వచ్చాయి. చిన్నచిన్న గళ్లలో మొహాలు, కొన్నిటి వెనక బట్టల బీరువా, కొన్నిటి వెనక మెట్లు. అధ్యక్షులుగారి గడిలో ఎప్పుడూ ఆయన నుదురొక్కటే కనబడేది. నాకదంతా మగతగా ఉండేది. మధ్యాహ్నం పడుకుని సందేళ లేస్తే ఏ పూటో తెలియదు చూడండి, అలా ఉండేది నెలల తరబడి.

పని మాత్రం ఆగలేదు. రెస్టారెంట్లలో పార్ట్‌టైం చేసుకునే మన స్టూడెంట్లు ఒక్కరోజులో పనులు పోగొట్టుకుని గదుల్లో పడి ఉన్నారు. ఉగాదికని పెట్టుకున్న బడ్జెట్‌తో వాళ్లకి బియ్యం, పప్పు పంపుదామన్నాం. ఉపాధ్యక్షుడు చెయ్యెత్తాడు. ఆయనది కరీంనగర్, ఇక్కడ డబ్లిన్ దగ్గర క్లోనీ అనే ఊళ్లో ఉంటాడు, నియమావళిని జేబులో పెట్టుకుని తిరిగే మనిషి.

"స్పాన్సర్లు ఇచ్చింది పండుగకి. వాళ్లనడగకుండ వేరేదానికి మనమెట్ల వాడుతం? ముందు అడుగుదాం. ఒప్పుకున్నట్టు రాసిస్తరు, అప్పుడు తీర్మానం జేద్దాం," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. పిల్లలు పస్తులుంటే ఈయనకి కాగితాలు కావాలా అనుకున్నాను. కానీ ఆయన చెప్పింది సబబే. నాలుగు రోజుల్లో స్పాన్సర్లందరూ సరేనని రాసిచ్చారు, తీర్మానం చేశాం. కుర్చీలు వెయ్యాల్సినవాళ్లు బియ్యం బస్తాలు మొయ్యడానికి మారారు. ఎవరి ఇంటికి ఏ స్టూడెంట్లు దగ్గరో చూసి వాళ్లకే ఆ పని అప్పగించాం.

అక్క ఈ సమావేశాల్లో లేదు. కొవిడ్ వార్డులో డ్యూటీ వేశారు ఆవిడకి. ఇంటికి జబ్బు మోసుకెళ్తానేమోనని భయపడి, ఆస్పత్రి దగ్గరే ఇంకో ఇద్దరు నర్సులతో ఒక ఇల్లు అద్దెకి తీసుకుంది. భర్తా, ఇద్దరు పిల్లలూ మా వెనక వీధిలో ఉండేవాళ్లు. వారానికొకసారి వచ్చి గేటు బయటే నిలబడేది. పిల్లలు పై కిటికీలోంచి చూసేవాళ్లు. ఒకసారి నేను నడకకి వెళ్తూ చూశాను. పెద్దది కిటికీ తెరిచి, "యూ ఆర్ గ్రాండ్, మామీ?" అని, బాగున్నావా అని ఇక్కడి పిల్లల మాటలో అరిచింది. అక్క బొటనవేలు పైకెత్తింది. నేను పలకరించకుండా పక్క సందులోకి తిరిగేశాను, వాళ్ల టైము నేను తినెయ్యకూడదని.

మొదటి శనివారం సమావేశానికి ముందురోజు అక్క ఫోను చేసింది. "అమ్మాయ్, రేపు డ్యూటీ పడింది. మీటింగుకి రాలేను. నీకు మెయిల్ పెట్టనా?"

"ఛ! మనలో మనకి మెయిళ్లేంటక్కా! నువ్వెక్కడున్నావో ఎవరికి తెలీదు? నేను చూసుకుంటాలే, నువ్వు పడుకో," అన్నాను.

"పోనీ రాసుకో మరి."

"అబ్బ, చూసుకుంటానన్నానా!"

రాయలేదు. "సెలవు కోరినవారు" అనే చోటికి రాగానే నా చెయ్యి ఆగింది. చావుబతుకుల మధ్య నిలబడి పనిచేస్తున్న మనిషి పేరు, బళ్లో పిల్ల సెలవుచీటీలాగా, ఇంట్లో కూర్చుని టీలు తాగే మా ముందు పెట్టడమా? నాకు తప్పనిపించింది. ఇంట్లో మనిషి ఎక్కడికెళ్లిందో ఎవరైనా రాసిపెట్టుకుంటారా? ఆ చోట ఎవరి పేరూ రాయకుండా వదిలేశాను. రెండోసారీ ఫోను చేసింది, రెండోసారీ అంతే. మూడోసారి వాయిస్ మెసేజ్ పెట్టింది. వెనక ఏదో మిషను కూత వినబడుతోంది. "ఈసారీ రాలేనమ్మాయ్, చెప్పు వాళ్లకి." చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

నాలుగో సమావేశంలో, మూడోదాని మినిట్స్ ఆమోదించిన వెంటనే ఉపాధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "ఒక మాట. కార్యదర్శికి ముందుగాల చెప్పకుండ వరుసగ మూడు సమావేశాలకు రాకుంటే ఆ సభ్యత్వం దానంతటదే పోతది. మన నియమావళి అట్లనే ఉన్నది. వంటల బాధ్యురాలు మూడింటికీ రాలే. మూడు మినిట్స్‌ల కూడా సెలవు అడిగినట్టు లేదు. నాకు ఆమె మీద ఏ కోపం లేదు. కానీ సర్కారుకు సంవత్సరం రిటర్ను పంపేటప్పుడు కార్యవర్గంల ఎవరున్నరో మనం సరిగ్గ రాయాలె కద."

అధ్యక్షులుగారి నుదురు ముడిపడింది. "మినిట్స్‌లో లేదంటే చెప్పలేదనేగా. మన కార్యదర్శి రాత సంగతి తెలిసిందే, ఒక్క ముక్క వదలదు."

నా మైకు ఆపేసి ఉంది, పొయ్యి మీద చారు మరుగుతోందని. దాన్ని నొక్కాలి. నొక్కి, చెప్పిందండీ, మూడుసార్లూ చెప్పింది, నేనే రాయలేదు అనాలి. అంతే, నాలుగు మాటలు. వీధి చివరిదాకా వినబడే నోరు నాది. ఆ రోజు మాత్రం నోట్లో నాలుక లేనిదాన్నయిపోయాను. ఆయనలా మెచ్చుకున్న మరుక్షణం కాదండీ అని ఎలా అనడం? నొక్కుదామా, వద్దా అనుకుంటూ ఉండగానే ఆయన, "అయితే ఆ స్థానం ఖాళీ అయినట్టు రాసుకో అమ్మా. ఎవర్ని తీసుకోవాలో వచ్చేసారి చూద్దాం. తర్వాతి అంశం," అన్నారు. నా వేళ్లు ఆ మాటే టైపు చేశాయి. "స్థానం ఖాళీ అయినట్టు కార్యవర్గం గుర్తించింది." తప్పుల్లేకుండా కూడా టైపు చేశాయి, పాడు వేళ్లు.

నాలుగు రోజులు ఆ డ్రాఫ్టు పట్టుకుని కూర్చున్నాను. పగలు ఆఫీసు పని చేస్తున్నా, అంట్లు తోముతున్నా ఆ వాక్యమే కళ్ల ముందు. పాత మినిట్స్ తెరిచి అక్క పేరు ఇరికించేస్తే? ఫైలు నా దగ్గరే ఉంది. ఎవరు చూడొచ్చారు? తెరిచాను కూడా. మొదటిదాంట్లో అక్క పేరు టైపు చేసి, ఎలా ఉందో చూసుకుని, చెరిపేశాను. సంతకం పడ్డ కాగితం అది. దొంగతనం చేసినట్టనిపించింది. అప్పుడు అధ్యక్షులుగారికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన మెత్తగా, "పోనీలేమ్మా. దీన్ని పెద్దది చెయ్యడమెందుకు? ఖాళీ అయిన చోటికి మళ్లీ ఆవిణ్ణే తీసుకుందాం. ఆ అధికారం కార్యవర్గానికి ఉంది. ఆవిడ పని ఆవిడకొస్తుంది, నీ పేరు బయటికి రాదు," అన్నారు.

ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఫోను పెట్టి, రెండు గరిటెల పెరుగన్నం తిని, డ్రాఫ్టు అందరికీ పంపేశాను. కార్యవర్గం మెయిల్ జాబితాలోంచి అక్క పేరు తీసెయ్యడం నాకు తట్టనేలేదు. డ్రాఫ్టు ఆవిడకీ వెళ్లింది.

మర్నాడు మధ్యాహ్నం అక్కే ఫోను చేసింది. బ్రేకులో ఉన్నట్టుంది, ఏదో తింటోంది.

"చదివానమ్మాయ్."

"అక్కా, అది సర్దేస్తున్నాం! వచ్చేసారి నిన్నే మళ్లీ తీసుకుంటారు. అధ్యక్షులుగారితో మాట్లాడేశాను. నువ్వేం బెంగ పెట్టుకోకు."

"మళ్లీ తీసుకోవడమేంటి? నేనెక్కడికెళ్లాను?"

అక్క కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. నింపాదిగా చెప్పుకొచ్చింది. "నీకో సంగతి చెప్పనా? నువ్వు పంపే మినిట్స్ నేను ఇక్కడ పడుకునే ముందు చదువుకుంటాను. ఎవరు ఎవరికి బియ్యం ఇచ్చారు, ఎవరు ఎవరితో దెబ్బలాడారు, అంతా. కళ్లు మూసుకుంటే హాల్లో కూర్చున్నట్టే ఉంటుంది నాకు. పిల్లల్ని గేటు బయట నుంచి చూస్తున్నాను, చర్చి లేదు, మనవాళ్లు లేరు. ఆ కాగితంలో నా పేరు కోసం వెతుక్కుంటాను. వచ్చినవాళ్లలో ఉండదు, తెలుసు. సెలవు చెప్పినవాళ్లలో ఉంటుందనుకుంటాను. మూడుసార్లూ లేదు. మర్చిపోయి ఉంటావులే అనుకున్నాను."

"మర్చిపోలేదక్కా..." అన్నాను.

"ఇక్కడ ఏం చేస్తామో తెలుసా నీకు? ముసలాళ్లు పోతున్నారు. పిల్లలు రావడానికి లేదు, రానివ్వడం లేదు. నేను ఫోను పట్టుకుని చెవి దగ్గర పెడతాను, వాళ్లు మాట్లాడతారు. అదయ్యాక నోట్సులో రాస్తాను, కూతురు రావడానికి వీల్లేకపోయింది, ఫోనులో మాట్లాడింది అని. టైముతో సహా రాస్తాను. ఎంత పనున్నా అది మానను. ఎందుకో చెప్పు? రేపు ఎవరైనా ఆ కాగితం చూస్తే ఈయనకెవరూ లేరు కాబోలు అనుకోకూడదని. రాలేకపోవడం వేరమ్మాయ్, రాకపోవడం వేరు. నన్ను రానిదానికింద రాశావు నువ్వు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఏడుపొచ్చేసింది. వెధవ ఏడుపు, ఆవిడ ఓదారుస్తుందేమోనని ఆశపడే ఏడుపు.

అక్క ఓదార్చలేదు. "నాకు మళ్లీ ఇచ్చే కుర్చీ వద్దు. నేను చెప్పానని రాయించు. అది చాలు. బ్రేకు అయిపోయింది, ఉంటాను," అని పెట్టేసింది.

అధ్యక్షులుగారికి మళ్లీ ఫోను చేసి, ఆవిడ ఒప్పుకోలేదని, ఈసారి నేనే అందరి ముందూ మాట్లాడతానని చెప్పాను. ఆవిణ్ణి అతిథిగా పిలవమన్నాను. "నీ ఇష్టమమ్మా," అన్నారాయన, నిట్టూర్చి.

అయిదో సమావేశం నాడు ఎండ విరగ్గాసింది. ఐర్లాండులో అలాంటి ఎండ కాస్తే జనం వీధిన పడతారు, ఆ ఏడు మాత్రం ఎవరి గుమ్మం ముందు వాళ్లు కుర్చీ వేసుకుని తలలూపుకునేవారు. కిటికీలోంచి ఎవరో గడ్డి కోస్తున్న చప్పుడు వస్తూనే ఉంది. ఆ చప్పుడులో ఒక్కొక్క గడీ వెలుగుతూ వచ్చింది. చివరి గడిలో అక్క. కారులో కూర్చుని ఉంది. అప్పుడే డ్యూటీ దిగినట్టుంది, ముక్కు మీదా, బుగ్గల మీదా మాస్కు ఒరుసుకున్న ఎర్రటి గీతలు. అంతమందిమి ఉన్నాం, ఒక్కళ్లమూ ఎలా ఉన్నారని అడగలేకపోయాం.

ముందరి మినిట్స్ ఆమోదించాలి. ఆ సమావేశంలో జరిగింది జరిగినట్టే ఉంది కాబట్టి ఆమోదం అయిపోయింది. వాటి మీద చర్చించేవేమైనా ఉన్నాయా అని అధ్యక్షులుగారు అడిగారు. నేను మైకు నొక్కాను.

"ఉన్నాయండీ. వంటల బాధ్యురాలు మూడు సమావేశాలకీ ముందే నాకు చెప్పారు. రెండుసార్లు ఫోనులో, ఒకసారి మెసేజిలో. మెయిల్ పెడతానన్నా నేనే వద్దన్నాను. మినిట్స్‌లో రాయలేదు. పోయినసారి ఇక్కడ ఆ మాట వచ్చినప్పుడు నాకు తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను."

గడ్డి మిషను ఆగింది. ఎవరూ కదలరు. తెర ఆగిపోయిందేమోనని కూడా అనుకున్నాను.

ఉపాధ్యక్షుడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇప్పుడు ఏ నియమం తీస్తాడో అనుకున్నాను. "కార్యదర్శికి చెప్పిందంటే సంఘానికి చెప్పినట్టే," అన్నాడు. "రాయకపోతే అది ఆమె తప్పెట్ల అయితది? ఆమె సీటు పోనే పోలే. మనమే పోయిందని తప్పు తీర్మానం చేసినం. దాన్ని రద్దు చేద్దామని నేనే ప్రతిపాదిస్తున్న. పాత మినిట్స్ ముట్టుకోవద్దు, సంతకాలైనయి. మూడింటికి సవరణ ఈ రోజు మినిట్స్‌ల రావాలె." అక్క గడి వైపు చూసినట్టు చూసి, "నేను కూడ ఒక ఫోన్ జేసి అడగాల్సుండె, అక్కా," అన్నాడు.

కోశాధికారి బలపరిచాడు. చేతులెత్తమన్నారు. చిన్నచిన్న గళ్లలో చేతులు లేచాయి, ఒక పిల్లాడి చెయ్యి కూడా మధ్యలో దూరి లేచింది. అక్క చెయ్యెత్తలేదు, కళ్లు మూసుకుని సీటుకి జారబడి ఉంది.

"సవరణ చదువమ్మా, అందరూ వింటారు," అన్నారు అధ్యక్షులుగారు.

నేను టైపు చేసి చదివాను. "వంటల బాధ్యురాలు మూడు సమావేశాలకూ ముందుగా కార్యదర్శికి తెలియజేసి, ఆస్పత్రి విధుల వల్ల రాలేకపోయారు. ఆ విషయం మినిట్స్‌లో నమోదు కాకపోవడం కార్యదర్శి తప్పు. నాలుగో సమావేశంలో తెలిసి కూడా చెప్పకపోవడం కార్యదర్శి తప్పు."

అధ్యక్షులుగారు ఇబ్బందిగా కదిలారు. "పొరపాటు అని రాస్తే సరిపోతుందేమోనమ్మా. తప్పు అనే మాట, అదీ రెండుసార్లు... ఏమంటారు?" అని అక్కనే అడిగారు.

నాకు తెలుసు అక్క ఏమంటుందో. మనవాళ్లం కదా. పోనిద్దురూ, చిన్నపిల్ల, ఆ మాట తీసెయ్యండి అంటుంది. అనాలని నేను లోపల ఎంత కోరుకున్నానో, సిగ్గు విడిచి ఇప్పుడు రాస్తున్నాను. వేలు ఆ మాట మీదే పెట్టుకుని, చెరపడానికి సిద్ధంగా ఉన్నాను.

అక్క కళ్లు తెరిచింది. తెరలోంచి సూటిగా నా వైపే చూసినట్టనిపించింది.

"ఉండనివ్వండి," అంది. "తను రాసిందే సరిగ్గా ఉంది."